తూకానికి ముందు ఒక మాట



ఆర్మూర్ చుట్టుపక్కల ఊళ్ళలో జనవరి నుంచి మార్చి దాకా ఏ ఇంట చూసినా పసుపు పనే. తవ్వకం, ఉడకబెట్టడం, ఆరబోత, పాలిష్, ఆ పైన నిజామాబాద్ గంజ్‌కు తోలడం. జూన్‌లో మిరుగు కార్తెకు పెట్టిన పంట చేతికి రావడానికి ఎనిమిది తొమ్మిది నెలలు పడుతుంది. అందుకే ఆ రెండు మూడు నెలలు ఇంటిల్లిపాదీ కల్లం మీదే ఉంటారు. అయితే ఈ రోజు నేను చెప్పబోయేది పసుపు సాగు కాదు. ఏళ్ళ తరబడి ఇంటి బరువు ఒంటరిగా మోసి, తన మాటకు మాత్రం ఇంట్లో విలువ లేకుండా పోయిందని బాధపడే భార్య, ఆ సంగతి భర్తకు ఉత్తరంగా ఎలా రాయవచ్చో చెబుతాను. రాసిన ఉత్తరం కూడా చదివి వినిపిస్తాను.

ఆ ఉత్తరంలోని భార్యాభర్తలు నేను ఊహించుకున్న మనుషులు. వాళ్ళు చేసే పనులు మాత్రం ఈ ప్రాంతంలో ప్రతి సీజన్‌లో కనిపించేవే. భర్త పదకొండేళ్ళు దుబాయిలో ఉండి మూడేళ్ళ కింద తిరిగొచ్చాడు. ఎకరంన్నర పసుపు, కొడుకు ఇంటర్, కూతురు ఎనిమిదో తరగతి, బీపీ, షుగర్ ఉన్న అత్త. ఆర్మూర్, బాల్కొండ వైపు ఇలాంటి ఇళ్ళు ఎన్నో. మగవాళ్ళు దుబాయి, సౌదీ, మస్కట్ పోయినన్నాళ్ళు బ్యాంకుకు వెళ్ళేదీ, కూలీలను పిలిచేదీ, అప్పు తీర్చేదీ, పిల్లల ఫీజు కట్టేదీ ఇంట్లో మిగిలిన ఆడమనిషే. మనిషి తిరిగొచ్చాక కూడా ఆ పనులన్నీ ఆమె దగ్గరే ఉంటాయి. ఏది ఎప్పుడు చెయ్యాలో తేల్చే అధికారం ఒక్కటే చెప్పాపెట్టకుండా ఆయన చేతికి పోతుంది. గొడవంతా అక్కడే మొదలవుతుంది.

ఇలాంటి ఉత్తరం రాయడానికి కూర్చున్న మనిషి కలం నుంచి మొట్టమొదట వచ్చే వాక్యం దాదాపు ఇలా ఉంటుంది: "పద్దెనిమిదేండ్ల సంది నువ్వు ఒక్కనాడన్నా నా మాట విన్నవా?" బాధ నిజమే. వాక్యం మాత్రం పని చెయ్యదు. ఎందుకంటే అది చదివిన భర్తకు తాను మాట విన్న ఒక రోజు వెంటనే గుర్తొస్తుంది. "మీ చెల్లె పెండ్లికి పైసలు ఇయ్యమంటే ఇయ్యలేదా?" అంటాడు. ఆ క్షణం నుంచి చర్చ చెల్లెలి పెళ్ళి మీదికి పోతుంది. అసలు సంగతి పక్కన పడిపోతుంది. ఎప్పుడూ, ఒక్కనాడూ, ఏనాడూ అనే మాటలతో మొదలైన ఉత్తరానికి జవాబుగా వాదనే వస్తుంది.

ఇంకొక చిక్కు ఉంది. భార్య అడుగుతుంది, భర్త లేచి బయటికి పోతాడు. ఆయన పోయిన కొద్దీ ఆమె గొంతు పెరుగుతుంది. గొంతు పెరిగిన కొద్దీ ఆయన ఇంకా దూరం పోతాడు. ఊళ్ళో దీన్ని ఆమె నోటిదూల అనో, ఆయన మెతకతనం అనో తేల్చేస్తారు. అమెరికాలో ఆండ్రూ క్రిస్టెన్సెన్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు తోటివాళ్ళతో కలిసి ఈ తీరును ఏళ్ళ తరబడి పరిశీలించాడు. 1990లో క్రిస్టెన్సెన్, హీవీ కలిసి వెలువరించిన పరిశోధనలో ఒక ముఖ్యమైన సంగతి బయటపడింది. అడగడం, తప్పుకోవడం స్వభావాన్ని బట్టి మాత్రమే జరగడం లేదు. ఎవరు మార్పు కోరుతున్నారన్న దాన్ని బట్టి కూడా జరుగుతోంది. ఉన్నది ఉన్నట్టు సాగితే చాలనుకునే మనిషికి మాట్లాడవలసిన అవసరం కనిపించదు. మారాలనుకునే మనిషే మళ్ళీ మళ్ళీ కదిలించాల్సి వస్తుంది. ఇంటిపని పంపకంలో మార్పు కోరేది ఎక్కువగా ఆడవాళ్ళే కాబట్టి, అడిగి అడిగి సాధిస్తుందన్న పేరూ వాళ్ళకే వస్తుంది. ఉత్తరం ఉపయోగపడేది ఇక్కడే. కాగితం గొంతు పెంచదు. చదివే మనిషి మధ్యలో లేచిపోయినా అది బల్ల మీదే ఉంటుంది.

సరే, ఉత్తరానికి ముందు చెయ్యవలసిన పని ఒకటుంది. ఒక రోజు లెక్క రాసుకోవాలి. మన దేశంలో జాతీయ గణాంక కార్యాలయం వాళ్ళు కాల వినియోగ సర్వే అని చేస్తారు. తెల్లవారుజామున నాలుగు నుంచి మరునాడు తెల్లవారుజామున నాలుగు దాకా, అరగంటకు ఒక గడి చొప్పున, ఆ గడిలో ఏమి చేశారో రాసుకుంటారు. 2024 సర్వేలో ఇంటిపని చేసిన ఆడవాళ్ళు రోజుకు సగటున 289 నిమిషాలు, చేసిన మగవాళ్ళు 88 నిమిషాలు దానికి వెచ్చించినట్టు తేలింది. ఇది అసలు చెయ్యి పెట్టిన మగవాళ్ళ సంగతి. 2019 సర్వే నాటికి అలా చెయ్యి పెట్టేవాళ్ళు నూటికి 26 మందే.

ఆ పద్ధతి ఇంట్లో ఎవరైనా వాడుకోవచ్చు. పిల్లల నోటు పుస్తకంలో ఒక పేజీ చాలు. పండుగ రోజు వద్దు, చుట్టాలొచ్చిన రోజు వద్దు, మామూలు రోజు తీసుకోవాలి. ఆ పనికి కూలి లెక్క కట్టడం, ఎవరు గొప్ప అని తేల్చడం దీని పని కాదు. భర్త పని కూడా అంతే నిజాయితీగా పక్కన రాయాలి. ఆయన కల్లం మీద ఎండలో నిలబడ్డ గంటలు తగ్గించి రాస్తే, ఆ ఒక్క అబద్ధం పట్టుకొని మిగతా పేజీ అంతా కొట్టిపారేస్తాడు.

ఈ లెక్కకు ఒక లోపం ఉంది, అది కూడా తెలిసి ఉండాలి. ఏ గడిలోనూ పట్టని పని ఇంట్లో చాలా ఉంటుంది. అత్త గోళీలు ఎన్ని మిగిలాయో గుర్తుంచుకోవడం, రేపటి కూలీలు ఎంతమందో, బియ్యం సరిపోతాయో లేదో లోలోపల లెక్క వేసుకోవడం, కూతురి ఫీజు గడువు మరిచిపోకుండా ఉండడం. ఇవి చేతులు వేరే పనిలో ఉన్నప్పుడే తలలో నడుస్తుంటాయి. గంటల్లోకి రావు గనుక వాటిని ఉత్తరంలో పేరు పెట్టి చెప్పాలి.

ఇక ఉత్తరం వినండి. అలాంటి ఇంటి మనిషి మాట్లాడే భాషలోనే రాశాను.

"పిల్లల బాపుకు,

కోపంతోటి రాస్తలేను. ఎదురుగ చెప్పాలె అని చానసార్లు అనుకున్న. నేను షురూ చెయ్యంగనే నువ్వు చెప్పులేసుకొని చౌరస్తాకు పోతవు. నేను గొంతు పెంచుత. అత్త లేస్తది. ఇగ ఆ ముచ్చట ఆడనే ఆగుతది. అందుకే రాస్తున్న. ఒకటికి రెండుసార్లు చదువు.

పోయిన నెల మన పసుపు కల్లం మీద పోసి పన్నెండో రోజు. పొద్దుగాల నాలుగు కాడలు ఇరిచి చూసిన. పైకి ఎండినట్టే ఉన్నది గని టక్కుమని సప్పుడు రాలే. నడుమ ఇంక మెత్తగనే ఉన్నది. ఇంక రెండు ఎండలు కావాలె అని నీతోటి చెప్పిన. నువ్వు ఫోన్ల మాట్లాడుకుంట ఊ అన్నవు. మబ్బు పడ్తదని ఎవరో అన్నరని అదే రోజు పాలిష్ పట్టిచ్చి, తెల్లారి గంజ్‌కు తోలినవు. ఆడ ఖరీదుదారు కాడ ఇరిచి చూసి, పచ్చి ఉన్నదని ధర తగ్గిచ్చిండు. రాత్రి ఇంటికొచ్చి మీ తమ్మునితోటి, ఇంక రెండు ఎండలు కావాలెనట, అని చెప్పినవు. నేను పక్కనే నిలబడి మీకు బువ్వ పెడుతున్న. నేను చెప్పిన రోజు అది నీ చెవుల పడలే. అదే మాట ఖరీదుదారు అనంగనే నీకు నిజమనిపిచ్చింది.

పైసలు పోయినయని నాకు రంది లేదు. ధర ఒకనాడు పెరుగుతది, ఒకనాడు తగ్గుతది. నువ్వు దుబాయిల ఉన్న పదకొండేండ్లు ఈ పసుపు నేనే ఉడకబెట్టిపిచ్చిన. కడాయి ఎప్పుడు దించాలెనో పుల్ల గుచ్చి చూసి నేనే చెప్పిన. గోల ఒక దిక్కు, కాడి ఒక దిక్కు నేనే ఏరిపిచ్చిన. రాత్రి గాలి లేస్తె టార్చి పట్టుకొని పోయి పట్టాలు కప్పిన. నువ్వు పంపిన పైసల లెక్క నోటుబుక్కుల రాసి పెట్టిన, అప్పు తీర్పిన. నువ్వు ఆడ ఎండల ఎంత కష్టపడ్డవో నాకు ఎరుకే. ఎనమండుగురు ఒక్క రూముల పండుకున్న సంగతి ఒక్కసారే చెప్పినవు, నేను ఇంతవరకు మర్వలే. నీ కష్టం చిన్నదని నేను ఎన్నడు అనను. నువ్వొస్తె నా బరువు సగమైతది అనుకున్న. బరువు అట్లనే ఉన్నది. ఏం చెయ్యాలె, ఎప్పుడు చెయ్యాలె అనేది ఒక్కటి నా చేతుల్నుంచి పోయింది.

మొన్న మంగళారం ఒక్క రోజు లెక్క రాసిన. కాగితం ఇండ్లనే పెట్టిన, చూడు. నాలుగున్నరకు లేచిన, రాత్రి పదిన్నరకు పండుకున్న. ఇంటిపని ఏడున్నర గంటలైంది. కల్లం పని ఎనిమిదిన్నర గంటలైంది. తినుడు, కూసునుడు అన్నీ కలిపి రెండు గంటలు. నీది గుడ రాసిన. కల్లం పని నువ్వు నాకంటె ఒక గంట ఎక్కువనే చేసినవు. ఇంటిపని అరగంట, పాలు తెచ్చినవు, కూరగాయలు తెచ్చినవు. ఈ లెక్కల రానియి గుడ ఉన్నయి. అత్త గోళీలు, పిల్లకు ఫీజు, రేపు ఎంతమంది కూలోళ్ళు, సంఘం కిస్తు ఎన్నడు, ఇవన్నీ నా తలకాయల తిరుగుతనే ఉంటయి. నిద్రల గుడ తిరుగుతయి.

గంజ్ నుంచి నువ్వు తెచ్చిన తక్‌పట్టీ బీరువల పెట్టంగ చదివిన. హమాలీకి ఇంత, దడ్వాయికి ఇంత, కమీషన్ ఇంత అని రాసున్నది. మన బస్తాలకు గడియసేపు చెయ్యి పెట్టినోళ్ళకు గుడ అండ్ల ఒక వరుస ఉన్నది. నాకు కూలి ఇయ్యుమంటలేను. ఎనిమిది నెలలు ఆ పంటను చూసిన మనిషిని తూకానికి ముందు ఒక్కమాట అడగాలె అంటున్న.

2019 ఓట్లల్ల పసుపు రైతుల గోడు ఎవ్వలు వింటలేరని మనోళ్ళు ఎంతమంది నామినేషన్లు ఏసిన్రు! నువ్వు దుబాయిల ఉండి గుడ రోజు ఫోన్ చేసి ఆ ముచ్చటే అడుగుతుంటివి. మన మాట ఎవ్వలు వినకుంటె కడుపుల ఎట్ల మండుతదో నీకు నేను చెప్పాల్సిన పని లేదు.

నేను అడిగేటియి మూడు. మొదలుది, కల్లం మీది పసుపు ఇద్దరం కలిసి ఇరిచి చూసినంకనే తూకానికి పోవాలె. రెండోది, అత్త గోళీలు, దవాఖాన ఇగ నీయి. నేను గుర్తు చెయ్య. మూడోది, శుక్రారం రాత్రి బువ్వ తిన్నంక అరగంట నాతోటి కూసో. ఫోను లోపల పెట్టు. ఆ అరగంటల నేను చెప్పేది చెప్పనియ్యి, అటెన్క నువ్వు చెప్పు.

జవాబు రాయకున్న మంచిదే. శుక్రారం కూసుంటె చాలు."

ఉత్తరం ఇంతే. ఇందులో ఒక్కటే సంఘటన ఉందని మీరు గమనించే ఉంటారు. పద్దెనిమిదేళ్ళ కాపురంలో ఆమెకు చెప్పుకోవడానికి వందలు ఉండి ఉంటాయి. వాటిని వదిలి, పన్నెండో రోజు కల్లం మీద జరిగినది ఒక్కటే తీసుకుంది. అది మంచి ఎంపిక. ఎందుకంటే అక్కడ ఆమె చెప్పింది కాడ విరిస్తే వచ్చే శబ్దం సంగతి. బాగా ఎండిన పసుపు కాడ టక్కున విరుగుతుంది, లోపల తడి ఉంటే మెత్తగా వంగుతుంది. పసుపు పండించే ప్రతి మనిషికీ తెలిసిన పరీక్ష ఇది. ఆమె మాట సరైనదని ఆయనే తమ్ముడి ముందు ఒప్పుకున్నాడు కూడా. అందువల్ల ఎవరి మాట నిజమన్న వాదనకు చోటు లేదు. చెప్పినప్పుడు ఎందుకు చెవిన పెట్టలేదన్న ఒక్క ప్రశ్నే మిగులుతుంది. రాయాలనుకునే వాళ్ళు ఇలాంటి సంఘటనే వెతుక్కోవాలి. ఈ మధ్యదై ఉండాలి. ఇద్దరికీ గుర్తుండాలి. ఏం జరిగిందన్న దాంట్లో తేడా లేనిదై ఉండాలి.

2019 ఎన్నికల ప్రస్తావన కూడా ఊరికే రాలేదు. ఆ ఏడాది మద్దతు ధర కోసం, పసుపు బోర్డు కోసం ఆర్మూర్ మామిడిపల్లి చౌరస్తాలో రాస్తారోకోలు జరిగాయి. తరవాత లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ స్థానానికి 185 మంది పోటీలో నిలిచారు. వాళ్ళలో 170 మందికి పైగా రైతులే. ఒక్కరు గెలవకపోయినా దేశమంతా ఇటు చూసింది. పసుపు బోర్డు 2025 జనవరిలో నిజామాబాద్‌లో మొదలైంది. వినిపించుకోకపోవడం మనిషిని ఎంత దూరం తీసుకుపోతుందో ఈ ప్రాంతపు మగవాళ్ళకు బాగా తెలుసు. ఆమె ఆ తెలిసినదాన్నే తన వైపు తిప్పి చూపించింది. నిందించలేదు.

ఇక ఆమె అడిగిన రెండోదాని గురించి కొంచెం వివరంగా చెప్పాలి. అత్త గోళీలు ఆయనవి అనడంలో చాలా ఉంది. మామూలుగా భర్త ఏమంటాడు? "నువ్వు చెప్పు, నేను తెస్త." అప్పుడు ఆయన చేసేది మందుల దుకాణం దాకా నడవడం ఒక్కటే. ఎన్ని మిగిలాయో చూడడం, ఎప్పుడు అయిపోతాయో లెక్క కట్టడం, డాక్టరు దగ్గరికి మళ్ళీ ఎప్పుడు పోవాలో గుర్తుంచుకోవడం, ఆయనకు సమయానికి చెప్పడం, తేకపోతే మళ్ళీ చెప్పడం, ఇవన్నీ ఆమె దగ్గరే ఉండిపోతాయి. పైగా గుర్తు చేసినందుకు సతాయిస్తుందన్న మాట కూడా పడాల్సి వస్తుంది. పనిని అప్పగించడమంటే ఆ వరుస అంతా అప్పగించడం. పత్తాలో మూడు గోళీలు మిగిలినప్పుడు తనంతట తాను చూసుకోవాలి. పూట పూటకు వేసిందా లేదా అమ్మను తానే అడగాలి. బీపీ చూపించిన కాగితం తన జేబులోనో, తన బీరువా అరలోనో ఉండాలి. కన్నతల్లి మందులు కాబట్టి ఈ పని ఆయనకు తగినదే.

మొదటి నెల ఒకసారి మరిచిపోతాడు. అప్పుడు ఆమె చటుక్కున లేచి తానే తెచ్చేస్తే పని మళ్ళీ ఆమె నెత్తిన పడుతుంది. అలాగని పెద్దావిడకు బీపీ గోళీ తప్పించి చూడడం కూడా కూడదు. దీనికి ఒక చిన్న ఏర్పాటు చాలు. ఒక పత్తా ఎప్పుడూ అదనంగా డబ్బాలో పెట్టి ఉంచాలి. మరిచిన రోజు దాంట్లోంచి వేస్తారు. అది తీసిన మరునాడే తెచ్చి పెట్టవలసింది ఆయన. మందులు ఆగవు, పనీ చేతులు మారదు. రెండు మూడు నెలలు గడిచాక చూడండి. ఆమె నోరు తెరవకుండానే కొత్త పత్తా డబ్బాలోకి వచ్చిందా? వస్తే ఉత్తరం చేరినట్టు. "నువ్వు చెప్పలేదుగా" అన్న మాట వస్తే చేరనట్టు. అప్పుడు శుక్రవారం అరగంటలో ఆ ఒక్క విషయమే మాట్లాడాలి.

ఆ అరగంట ఎలా నడపాలో కూడా చెబుతాను. ఆమె చెప్పింది అయ్యాక ఆయన జవాబు చెప్పడానికి ముందు, తాను విన్నది తన మాటల్లో తిరిగి చెప్పాలి. "అంటే, ఎండలేదని నువ్వు చెప్పినా నేను పట్టించుకోలే, ఖరీదుదారు చెప్తే పట్టించుకున్న, అందుకు బాధైంది, అంతేనా?" అనాలి. ఆమె అవునన్నాకే తన వైపు చెప్పుకోవాలి. ఇది మొదట ఇబ్బందిగా ఉంటుంది. కాని సగం తగాదాలు అవతలి మనిషి చెప్పనిదానికి జవాబు చెప్పడం వల్లే వస్తాయి.

ఉత్తరం చెడిపోయే దారులు కొన్ని ఉన్నాయి. దాన్ని ముందుగా అన్నకో వదినకో చూపిస్తే, అది ఇద్దరి మధ్య మాటగా ఉండదు, పంచాయితీ అవుతుంది. వీడీసీ దాకా పోతే చెప్పనక్కర్లేదు, ఊరి ముందు తల వంచాల్సి వచ్చిన మనిషి ఇంట్లో వినడు. పసుపు అమ్మిన రోజు ఇవ్వకూడదు, ఆ రోజు ఆయన తలలో ధర తప్ప ఇంకేమీ ఉండదు. వాట్సాప్‌లో పంపకూడదు, ఒక్క నొక్కుతో అన్నదమ్ముల గ్రూపులోకి పోతుంది. భర్త ఇంకా గల్ఫ్‌లోనే ఉంటే మాత్రం వేరే దారి లేదు. అప్పుడు కాగితం మీద రాసి, ఫొటో తీసి, ఆయనకు సెలవు రోజున పంపండి. డ్యూటీ దిగి వచ్చిన రాత్రి పంపితే సగం చదివి నిద్రపోతాడు.

ఒక హద్దు కూడా స్పష్టంగా చెప్పాలి. ఈ ఉత్తరం ప్రేమ ఉండి, వినడం మరిచిన ఇళ్ళకు. చెయ్యి ఎత్తే మనిషికి, తాగి బెదిరించే మనిషికి, ఉత్తరం చదివి ఇంకో దెబ్బ వేసే మనిషికి ఇది మందు కాదు. అలాంటి చోట 181 మహిళా హెల్ప్‌లైన్‌కు ఫోన్ చెయ్యండి. 2005 గృహహింస చట్టం ఉన్నది అందుకే.

"ఇంట్లో కూర్చున్న దానివి, సంపాదించింది నేను" అనే మాట గల్ఫ్ ఇళ్ళలో తరచూ వినిపిస్తుంది. దానికి ఒక కోర్టు చెప్పిన జవాబు వినండి. తమిళనాడులో నైవేలి ప్రాంతానికి చెందిన ఒక భర్త 1983 నుంచి 1994 దాకా సౌదీలో పని చేశాడు. ఆయన పంపిన డబ్బుతో భార్య ఆస్తులు కొన్నది, పిల్లలను పెంచింది. తిరిగొచ్చాక అవన్నీ తనవేనని ఆయన దావా వేశాడు. 2023 జూన్‌లో మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ కృష్ణన్ రామస్వామి తీర్పు చెబుతూ, భార్య ఇల్లు నడపకపోతే భర్త నిశ్చింతగా అక్కడ సంపాదించగలిగేవాడు కాదని, ఆమె చాకిరీ కూడా ఆ ఆస్తిలో పెట్టుబడేనని గుర్తించి, కొన్ని ఆస్తుల్లో సగం వాటా ఆమెకు చెందుతుందన్నారు. ఇంటావిడ పనిలో ప్రణాళిక, ఖర్చుల అదుపు, వంట, రోగుల సేవ అన్నీ ఉన్నాయని ఆ తీర్పులో విడివిడిగా రాశారు. ఇది ఆ ఒక్క కేసులో, ఆ ఆస్తుల మీద వచ్చిన తీర్పు. దేశమంతటికీ చట్టమైపోయిందని ఎవరూ అనుకోవద్దు. అయినా, గల్ఫ్‌లో ఉన్న భర్త సంపాదనకూ ఇంట్లో ఉన్న భార్య చాకిరీకీ మధ్య ఉన్న లంకెను ఒక హైకోర్టు లెక్కలోకి తీసుకున్నది. ఆ దంపతుల కేసు 1995లో మొదలైంది. ఇంట్లో ఒక సాయంత్రం ఒప్పుకోదగ్గ మాట కోర్టులో ఒప్పించడానికి ఇరవై ఎనిమిదేళ్ళు పట్టింది.

ఈ ప్రసంగం వింటున్న అన్నలకు, తమ్ముళ్ళకు నా విన్నపం. మీ ఇంట్లో ఇలాంటి కాగితం మీ చేతికి వస్తే ఆ రాత్రే జవాబు చెప్పకండి. అందులోని తప్పులు వెతకకండి. మీరు పడ్డ కష్టాల లెక్క అప్పుడే బయటికి తియ్యకండి, దానికి శుక్రవారం ఉంది. ముందు ఆమె అడిగిన దాంట్లో ఒకటి చేసి చూపించండి. ఈ సీజన్‌లో మీ పసుపు బస్తాలకెత్తే ముందు ఆమెను కల్లం మీదికి పిలిచి, నాలుగు కాడలు ఆమె చేతికిచ్చి, "తోలుదామా, ఇంకా ఎండనిద్దామా?" అని అడగండి. ఆమె ఏమంటుందో విని, ఆ తరవాతే ఆటోకు ఫోన్ చెయ్యండి.